ఎర్ర అట్ట, మూతి మీద వేలు

సోమవారం నుంచి మా పాపను స్కూలుకు మా అమ్మ తీసుకుపోతుందని ఇంట్లో తీర్మానమైంది. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. మా అమ్మ రోడ్డు దాటే పద్ధతి ఒక్కటే: చెయ్యెత్తి నడవడం. "నేను చెయ్యి జూపిస్తే లారీ గూడ ఆగుతది" అంటుంది. ఇంతవరకు ఆగిన మాట నిజమే. లారీల మీద నాకు అంత భరోసా లేదు.

పాప చదివే యూకేజీలో ట్రాఫిక్ ఆట ఆడిస్తున్నారని తెలిసి, ఫ్యాను డబ్బా అట్టలతో సిగ్నళ్లు నేనే చేసిస్తానన్నాను. శనివారం స్కూలు హాలు నేల మీద సుద్దముక్కతో చౌరస్తా గీశాం. ఆగాల్సిన చోట గీతలు, దాటాల్సిన చోట జీబ్రా చారలు. సగం మంది మెడలో అట్ట కార్లు, ఆటోలు తగిలించుకున్నారు. మిగతావాళ్లు పాదచారులు.

టీచర్ ఎర్ర అట్ట ఎత్తింది. బండ్లన్నీ మూతి మీద వేలు వేసుకున్నాయి. అట్లాగే గీత దాటి, నిశ్శబ్దంగా పాదచారులను గుద్దాయి. అందులో ఒక ఆటో మా పాప.

నాకు మొదట రంగు మీద అనుమానం వచ్చింది. తర్వాత పిల్లల కళ్ల మీద. కాసేపటికి టీచర్ మీద.

"రెడ్డు పడ్డది గద బిడ్డా, ఎందుకు ఆగలే?"

"నేను మాట్లాడలే గద డాడీ!" పాప గొంతులో అన్యాయం జరిగిన బాధ.

టీచర్ నేల చూసింది. "క్లాసుల లొల్లి ఆపనీకి రోజూ ఎర్ర బిళ్ల జూపిస్త సార్. పచ్చది జూపిస్తే మాట్లాడొచ్చు. మస్తు పనిజేస్తది."

"అవును మేడం, కనబడుతుంది."

ఇకమీద క్లాసులో లొల్లి ఆపడానికి గంట కొడతానని, సంచిలోంచి ఆ ఎర్ర అట్ట బిళ్ల తీసి ఆమె అక్కడికక్కడే చింపేసింది. "ఎరుపు నోటికి గాదు, కాళ్లకు!" అని అందరితో అనిపించింది. బండ్లు గీత వెనకే ఆగడం మొదలైంది. నా అనుమానం మాత్రం ఆగలేదు. మేం దాటే చోట సిగ్నలే లేదు కదా? సిగ్నల్ అట్టలు పక్కన పెట్టించి, పాపను పాదచారిగా నిలబెట్టాం. అంచున ఆగింది. కుడి, ఎడమ, మళ్లీ కుడి చూసింది. అట్ట ఆటో పోయాకే టీచర్ చెయ్యి పట్టుకొని దాటింది. వేలు ఇంకా మూతి మీదే ఉంది.

సోమవారం పాల ప్యాకెట్ వంకతో వాళ్ల వెనకే నడిచాను. రోడ్డు అంచున మా అమ్మ అలవాటుగా చెయ్యెత్తి అడుగు వేసింది. పాప వెనక్కి గుంజింది.

"చెయ్యి గాదు నానమ్మా, కాళ్లు!"

ఎవరు చెప్పినా ఆగని మా అమ్మ ఆగింది. ముందు నుంచి ఒక బైకు ఆగకుండా పోయింది. చెయ్యిని అది చూసినట్టు కూడా లేదు. ఇద్దరూ కుడి, ఎడమ, మళ్లీ కుడి చూశారు. పాప ఖాళీ చేతి వేలు మూతి మీదే ఉంది. నేను సరిచేయలేదు.

అవతలికి చేరాక మా అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"పాలు గీ తొవ్వల ఏడ దొరుకుతయిరా?"