నాలుగో వరుసలో వాన

ప్రవళిక గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగినా, ఆ పిల్ల గురించి మాట్లాడే అర్హత మా ఊళ్లో అందరికన్నా తక్కువ ఉన్నది నాకే. అయినా రాస్తున్నాను. నా గురించి మంచి మాట ఒక్కటీ ఇందులో ఉండదని ముందే చెబుతున్నాను.

ఆమెది వెలుగోడు. డిగ్రీ చదివింది. బాలమ్మక్క కొడుకు కిరణ్‌ను చేసుకుని రెండేళ్ల కిందట ఆళ్లగడ్డ పక్కనున్న మా ఊరికి వచ్చింది. కిరణ్ కోత మిషన్ డ్రైవరు. సీజన్ వస్తే నెలల తరబడి ఇంటి మొహం చూడడు. ఇక ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్లిద్దరే. బాలమ్మక్క మొగుడు పోయాక రెండెకరాలు కౌలుకు పట్టి ఒంటిచేత్తో సేద్యం చేసిన మనిషి. ఆమెకు చదువు రాదు. నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. అలాంటి అత్త దగ్గర ప్రవళిక నిలబడిందంటే దానికి కారణం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నేను రోజూ పొద్దున పెట్టే మెసేజి.

నేను నంద్యాల మార్కెట్ యార్డులో కాటా దగ్గర గుమాస్తాను. మూడెకరాల సొంత సేద్యం కూడా ఉంది. రోజూ బస్సులో పోయి వస్తాను. యార్డులో ధరలు నా కళ్ల ముందే తేలతాయి కాబట్టి, మా చుట్టుపక్కల రైతులకు ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. నూట నలభై మంది ఉన్నారు. పొద్దున ఆరింటికల్లా నా మెసేజి పడాలి. ఎప్పుడూ ఐదే వరుసలు, ఎప్పుడూ అదే క్రమం:

14-10, నంద్యాల యార్డు (నిన్నటి ధర)
మొక్కజొన్న క్వింటా: తక్కువ 1,780, ఎక్కువ 2,150, ఎక్కువ బస్తాలు పోయింది 1,960
తేమ: 14 శాతం లోపుంటే ధరలో కోత లేదు
వాన: నేడు, రేపు లేదు
పని: గింజలు ఆరబోయొచ్చు

అంతే. అంతకన్నా పొడుగైతే ఎవడూ చదవడు. ఒక్క పెద్ద ధర మాత్రమే పెడితే రైతు ఆశపడి లారీ ఎక్కించి, తీరా అక్కడ గొడవ పడతాడు. అందుకే మూడు ధరలూ పెడతాను. వాన సంగతి నా సొంతం కాదు. వాతావరణ శాఖ వాళ్లు మండలాలవారీగా ఇచ్చేది పొద్దున్నే చూసి నాలుగో వరుసలో దించుతాను. రెండేళ్లుగా ఒక్కరోజు మానలేదు, ఒక్క తప్పు పోలేదు. అబ్బో, దాని గురించి నాకెంత పొగరో మీకు తెలియదు.

ఆ ఐదు వరుసలను ప్రవళిక వాళ్ల ఇంటి అరుగు మీద నిలబడి గట్టిగా చదివేది. చదువు రాని ఆడవాళ్లు ఐదారుగురు చీపుర్లు, బిందెలు పట్టుకునే ఆగి వినేవాళ్లు. "ఎక్కువ బస్తాలు పోయిందంటే ఏందమ్మా?" అని ఒకరు అడిగితే, చాలామంది సరుకు ఏ ధరకు పోయిందో అదేనని ఓపికగా విప్పి చెప్పేది. బాలమ్మక్క పక్కన కూర్చుని, "మా కోడలు చదువుతాది, ఇనండే" అనేది. కోడలిని ఆమె మెచ్చుకోవడం ఆ ఒక్క పూటే.

ఇక నేను చేసిన పని.

నేను మెసేజి కొత్తగా రాయను. నిన్నటిది కాపీ చేసి, అంకెలు మార్చి పెడతాను. పదిహేనో తేదీ పొద్దున బస్సు హారన్ వినపడుతుంటే చెప్పులేసుకుంటూ తేదీ మార్చాను, ధరలు మార్చాను, పంపించాను. వాన వరుస ముట్టుకోలేదు. ఆ రోజు వాతావరణ శాఖ మా మండలానికి ఇచ్చింది వేరు: మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన.

బాలమ్మక్క మొక్కజొన్న యాభై బస్తాల సరుకు రోడ్డు పక్కన ఆరబోసి ఉంది. ఆమె పొద్దున ఆకాశం చూసి, "మబ్బు బరువుగా ఉందే, పట్టలు ఉంచుకుందామా?" అందట. ప్రవళిక చదివింది, "వాన లేదంట అత్తా. తిమోతన్న పెట్టినాడు." బాడుగకు తెచ్చిన టార్పాలిన్ పట్టలు పొద్దున్నే తిరిగిచ్చేశారు. సొంత కళ్లకన్నా నా నాలుగో వరుసను నమ్మారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు యార్డులో అన్నం తింటూ ఫోన్ చూసుకుంటే తప్పు కనపడింది. వాన పడడానికి అప్పటికింకా మూడు గంటల టైముంది. నేను చేయాల్సింది ఒక్కటే. "సవరణ: వాన ఉంది, పట్టలు కప్పుకోండి" అని పెద్దగా పెట్టడం, బాలమ్మక్కకు ఒక ఫోన్ కొట్టడం.

నేను ఆ పని చేయలేదు. మనోజ్ అని మా ఊళ్లోనే ఒకడున్నాడు. నేనెప్పుడు జారతానా అని చూస్తుంటాడు. సవరణ అని పెడితే వాడు నెల రోజులు నవ్వుతాడు. అందుకని పొద్దుటి మెసేజి అందరికీ డిలీట్ కొట్టి, వాన వరుస, పని వరుస సరిచేసి, అదే తేదీతో, అదే ఐదు వరుసలతో మళ్లీ పెట్టాను. ఎవరికీ తెలియకుండా సర్దేశానని ఒక ముద్ద ఎక్కువే తిన్నాను. ఛీ.

ఎవరికీ తెలియలేదు, నిజమే. ప్రవళిక ఫోన్ మోగింది. తీసి చూస్తే అదే తేదీ, అదే ధరలు. పొద్దున చదివిందే మళ్లీ వచ్చిందనుకుని పక్కన పెట్టేసింది. రోజూ ఒకే రూపంలో ఉండాలని నేనే కదా నేర్పింది!

మూడున్నరకు వాన దంచింది.

నేను సాయంత్రం బస్సు దిగేసరికి అత్తాకోడళ్లు మోకాళ్లలోతు బురదలో గింజలు ఎత్తుతున్నారు. నేనూ పార తీసుకుని దిగాను. అప్పుడే మనోజ్ అటు వచ్చి, పొద్దున చూడని గ్రూపు అప్పుడు తెరిచి, "తిమోతి వాన ఉందని పెట్టినాడు గదక్కా, పట్టలు కప్పమని కూడా. సూసుకోల్యా?" అన్నాడు.

బాలమ్మక్క చేతిలో గంప కిందపడేసింది. కోడలి వైపు తిరిగింది.

"ఏందే నువ్వు సదివింది? డిగ్రీ సదివినా అంటివే! రెండు ముక్కలు కూడబలుక్కోను రాదా నీకు? నా కొంప ముంచితివి గదే!"

"లేదత్తా, పొద్దున వాన లేదనే ఉండె. నా కండ్లతో సూసినా."

"ఇంకా అబద్ధాలా?" అని బాలమ్మక్క బురద చేత్తో ఆ పిల్ల చెంప మీద కొట్టింది. చుట్టూ రోజూ చదివించుకునే ఆడవాళ్లంతా ఉన్నారు. నేను పార పట్టుకుని తల వంచుకుని గింజలు తోస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున బస్సు స్టాపు దగ్గరికి ప్రవళిక వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం తొణకలేదు.

"అన్నా, పొద్దున నువ్వు వేరేగా పెట్టినావు. డిలీట్ చేసిన గుర్తు గ్రూపులో అట్లే ఉంది. రెండోది పన్నెండున్నరకు పడింది. మా అత్తకు ఒక్క మాట సెప్పు సాలు. నేనింకేం అడగడంల్యా."

ఆమె చేతిలో రుజువుంది. నాకు నోరుంది. ఆ నోటితో నేనన్న మాట ఇది: "సిగ్నల్ లేక రెండుసార్లు పడిందమ్మా, ఒకటి తీసేసినా. నువ్వే సరిగ్గా సూసుకోలేదేమో."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నేను అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకూ తెలుసు. "సరేన్నా" అని వెళ్లిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే కానీ నంద్యాల ఎప్పుడొచ్చిందో తెలియలేదు.

ఆ తర్వాత అరుగు మీద చదువు ఆగిపోయింది. బాలమ్మక్క ఫోన్ తీసుకుని మనోజ్ దగ్గరికి పోయి చదివించుకునేది. ప్రవళిక తలెత్తకుండా తడిసిన గింజలను ఇంట్లో పరిచి, రోజంతా చేత్తో తిరగేసేది. ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు ఆమెదైతే, "ఆ పిల్లకు వద్దులే, తప్పు సదువుతాది" అని వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ముందు వరుసలో పాటల పుస్తకం పట్టుకుని ఉన్నాను. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ బురద చేయే కనపడింది.

ఐదో రోజు బాలమ్మక్క సరుకు యార్డుకు వచ్చింది. వ్యాపారి మాధవయ్య బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని, "బూజొచ్చింది తల్లీ, మొలక కూడా వచ్చింది. కోళ్ల దాణాకు కూడా కష్టమే" అన్నాడు. క్వింటా పదమూడు వందలకు ధర తెగింది. కాటా వేసింది నేనే.

మర్నాడు పొద్దున ఐదున్నరకు మెసేజి మార్చడానికి కూర్చున్నాను. తక్కువ అని ఉన్నచోట అంకె మార్చాలి. ముందురోజు యార్డులో అందరికన్నా తక్కువ పోయిన సరుకు బాలమ్మక్కదే. నా చేత్తో పాడుచేసిన పంటను నా చేత్తోనే ధరగా నూట నలభై మందికి పంపాలి. ఒకటి, మూడు కొట్టాను. వేలు ఆగిపోయింది. బస్సు హారన్ కొట్టింది, నేను లేవలేదు.

ఆ రోజు ఆరో వరుస కలిపాను: "సవరణ: 15వ తేదీ పొద్దున నేను వాన లేదని తప్పు పెట్టినాను. మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా మార్చినాను. ప్రవళిక చదివింది సరైనదే. అడిగితే అబద్ధం చెప్పినాను. తిమోతి."

పంపి, ఫోన్ అక్కడే పెట్టి వాళ్లింటికి నడిచాను. బాలమ్మక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఇంకా మనోజ్ దగ్గరికి పోలేదు. ప్రవళిక పక్కనే ఫోన్ తెరిచి పట్టుకుని ఉంది. అప్పటికే చదివినట్టుంది, పెదవులు బిగబట్టింది.

"ఏం పెట్టినావప్పా, మొగం అట్లుంది?" అంది బాలమ్మక్క. మనోజ్ దాకా పోయే ఓపిక లేక కోడలి వైపు తిరిగి, "సదువుమా" అంది.

ప్రవళిక చదవలేదు. ఫోన్ నా చేతిలో పెట్టింది. "నేను సదివితే నమ్మరన్నా. నువ్వే సదువు."

ఆడవాళ్లు బిందెలతో ఆగారు. ధరలు, తేమ, వాన, పని, ఒక్కోటి చదివాను. ఆరో వరుసలో సవరణ అనే మాట దగ్గర ఆగాను. మళ్లీ మొదలుపెట్టి, అబద్ధం చెప్పినాను అనే మాట దాకా చదివాను.

బాలమ్మక్క తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. ఆమె తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది.

"నాకు సదువు రాదప్పా. రాక కొట్టినా. నీకొచ్చు గదా. నేను కొడ్తాంటే సూస్తా నిలబడితివే."

ప్రవళిక నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, అత్తను రెక్క పట్టి లేపి, లోపలికి తీసుకుపోయింది. నేను అరుగు ముందే నిలబడి ఉన్నాను.