వరండాలో ఇచ్చిన మాట

మా అత్తగారింట్లో నాకు మొండిదానినని పేరు. ఏ పనైనా రాసి పెట్టుకుంటే తప్ప నిద్రపట్టదు నాకు. అది వాళ్లకు చాదస్తం, నాకు మనశ్శాంతి.

నాందేడ్‌లో ఒక విత్తనాల కంపెనీ శాఖలో సరుకు పంపే పని చూసేదాన్ని. ఒక దీపావళి వెళ్లగానే పుణె హెడ్డాఫీసు నుంచి బదిలీ ఆర్డరు వచ్చింది, జనవరిలో నాగపూర్‌లో చేరమని. మా అమ్మాయి ఆ ఏడే పదో తరగతి. లెక్కలంటే దానికి వణుకు. సాయంత్రం నేను పక్కన కూర్చుంటే తప్ప పుస్తకం తెరవదు. మా ఆయనా, మామగారూ బట్టల దుకాణం వదిలి కదలలేరు. నేను వెళ్తే పిల్ల పరీక్ష తప్పుతుందేమోనని నిజంగానే భయపడ్డాను.

మా మేనేజరు గారిది నాందేడ్ జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్, ఇంట్లో తెలుగే. మధ్యాహ్నం ఆఫీసు వరండాలో ఎదురుపడితే సంగతి చెప్పాను. పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉండు, పుణెతో నేను మాట్లాడతానన్నారు. అన్నట్టే ఫోన్ చేసి, వాళ్లు ఒప్పుకున్నారని సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి చెప్పి వెళ్లారు. ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి ఆయనకు ఇదంతా ఈమెయిల్‌లో రాయడానికి కూర్చుంటే మామగారు ఆశ్చర్యపోయారు. ఆయన బేరాలన్నీ నోటితోనే.

"పెద్దమనిషి మాటిచ్చిండు గదమ్మా. మాటకు రసీదు అడుగుతరా? మన బజార్ల గట్ల అడిగితే మళ్ల దుకాణం మెట్లెక్కనియ్యరు."

ఆయనకు ఎదురు చెప్పలేదు. రాయడమూ మానలేదు. ఉన్నవి కొద్ది వాక్యాలే. ముందు కృతజ్ఞతలు. ఈరోజు మనం మాట్లాడుకున్న ప్రకారం నా బదిలీ మార్చి నెలాఖరు దాకా ఆగుతుంది, అప్పటిదాకా ఇక్కడి పనే చూస్తాను, దీనికి పుణె వాళ్లు ఫోన్‌లో ఒప్పుకున్నారని మీరు చెప్పారు. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే దయచేసి సరిదిద్దండి. అంతే.

మామగారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. మర్నాడు మేనేజరు గారు నా నమస్కారానికి తలెత్తలేదు. మధ్యాహ్నం లోపలికి పిలిచారు.

"నా మాట మీద నమ్మకం లేదామ్మా నీకు?"

ఆ అడగడంలో కోపం లేదు, నొప్పి ఉంది. నాకు సిగ్గేసింది. అయినా ఉన్నదే చెప్పాను.

"మీ మీద ఉన్నది సార్. రేపు ఈ కుర్చీల ఎవరు కూసుంటరో తెల్వది గదా. ఆయనకు మీ మాట ఎట్ల తెలుస్తది?"

ఆయన నా మెయిల్ మళ్లీ ఒకసారి చదువుకున్నారు. నన్ను వెళ్లమన్నారు. సాయంత్రం జవాబు వచ్చింది, పుణె ఆఫీసుకు నకలు పెట్టి. నేను రాసినదంతా సరే, ఒక్కటి తప్పు అన్నారు: మార్చి కాదు, ఏప్రిల్ నెలాఖరు. పరీక్షలైన వెంటనే తల్లి వెళ్లిపోతే పిల్ల బెంగపెట్టుకుంటుంది, కొన్నాళ్లు ఇద్దరూ కలిసి ఉండాలి. ఆఫీసు మెయిల్‌లో ఎవరైనా అలా రాస్తారా? చదివి కళ్లు తుడుచుకున్నాను.

జనవరిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యీ, మాటా పోయాయి. ఆ కుర్చీలోకి పుణె నుంచి కొత్తాయన వచ్చాడు. రాగానే, నాగపూర్ ఎందుకు వెళ్లలేదని అడిగాడు. చెప్పాను. ఆయన పుణెకు ఫోన్ చేస్తే, అప్పట్లో ఒప్పుకున్న అధికారికి అలాంటి మాటే గుర్తులేదు. పాపం, ఆయన అబద్ధమాడుతున్నాడని నేననుకోను. రోజుకు ఎన్ని ఫోన్లో, ఎన్ని బదిలీలో. కొత్తాయన మర్యాదగానే, సోమవారం నుంచి నన్ను రిలీవ్ చేస్తానన్నాడు.

నేను వాదించలేదు. నా ఈమెయిలూ, దాని కింద మేనేజరు గారి జవాబూ కలిపి ఆయనకు పంపాను. చదివి, మళ్లీ పుణెకు ఫోన్ చేశాడు. వాళ్ల దగ్గరున్న నకలు వాళ్లే వెతుక్కున్నారు. ఏప్రిల్ నెలాఖరు దాకా ఉండండి అన్నాడు. మామగారికి చెబితే, మంచిదమ్మా అని దుకాణానికి వెళ్లిపోయారు.

నాగపూర్ వెళ్లే ముందు అమ్మాయిని తీసుకుని మేనేజరు గారింటికి వెళ్లాను. గోడకు దిండు చేర్చి కూర్చోబెట్టారు ఆయన్ని. ఏదో అడగబోయారు, పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆరోజు నేను రాయకపోయి ఉంటే, వరండాలో ఇచ్చిన మాటను మళ్లీ చెప్పేవాళ్లే ఉండేవారు కాదు; ఆయనకే గొంతు లేదు.

"పరీక్షలు మంచిగ రాసింది సార్," అన్నాను. "మీరు చెప్పినట్టే ఇన్ని రోజులు నేను దీని దగ్గర్నే ఉన్న."

ఆయన ఎడమచెయ్యి మెల్లగా లేపారు. అమ్మాయి ఆ చేతి కిందికి తల వంచింది.