ముప్పయ్యొక్క టిక్కీల లోటు

నా దగ్గర అట్టలు చిరిగిన నోటు పుస్తకాలు చాలా ఉన్నాయి. సంవత్సరానికొకటి. ఏ తేదీన ఏ సరుకు ఎంత లెక్క తేలిందో, ఎవరు ఏమన్నారో, నేనేం చేశానో అందులో రాసుకుంటాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ పుస్తకాల్లో ఒకటి నాకే ఎదురు తిరిగి సాక్ష్యం చెప్పింది. అందుకు దానికి నేను రుణపడి ఉన్నాను.

గుంటూరు శివార్లలో మిర్చి కొని విదేశాలకు పంపే ఒక సంస్థలో చాలా ఏళ్లు లెక్కలు చూశాను. పదవీ విరమణ చేశాక కూడా ఏటా మార్చి నెలాఖరున సరుకు లెక్కపెట్టడానికి పిలిచేవారు. ఆ సంస్థకు సొంత శీతల గిడ్డంగి ఉంది. ఎండు మిర్చి నింపిన గోనె బస్తాలను మా వైపు టిక్కీలంటారు. వాటిని ఆ చలి గదుల్లో వరుస మీద వరుసగా దొంతరలు పేరుస్తారు, ఒక్కో దొంతరను నిట్టు అంటారు. లెక్క రోజున లోపలికి సరుకు రాకూడదు, బయటికి పోకూడదు. చివరి గేట్ పాస్ నంబరు రాసుకుని తలుపులు వేయించాకే మొదలుపెట్టేవాణ్ణి. పుస్తకంలో ఎంత ఉందో లెక్కపెట్టేవాళ్లకు తెలియనిచ్చేవాణ్ణి కాదు. తెలిస్తే కళ్లు ఆ అంకెనే చూస్తాయి.

ఆ సంవత్సరం లెక్కంతా సరిపోయింది, ఒక్క లాటు తప్ప. మూడో గదిలోని ఆ లాటు సరుకంతా ఏడాది పొడుగునా లారీలకెక్కి ఖాళీ అయిపోయింది. నేల మీద ఒక్క టిక్కీ లేదు. పుస్తకంలో మాత్రం ఇంకా ముప్పయ్యొకటి ఉన్నాయి.

స్టోరు చూసే ఆవిడ చీరాల దగ్గరి ఊరి నుంచి రోజూ రైల్లో వచ్చేది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ జీతం మీదే. వచ్చిన సరుకు, పోయిన సరుకు ఆవిడ చేతి రాతలోనే ఉంటాయి. లోటు పట్టిక చూడగానే మేనేజరు తేల్చేశాడు.

"ఇంకేముంది సార్, ఆవిడ జీతంలో పట్టుకుందాం. మిగతాది పైవాళ్లు చూసుకుంటారు."

"పైవాళ్లంటే?"

"ఉద్యోగం సంగతి సార్. ఇన్ని టిక్కీలు గాలికి పోతాయా?"

ఆవిడ ఏడవలేదు. గేట్ పాసుల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "లెక్కేసుకోండి సార్. ప్రతి లారీకీ డ్రైవరు సంతకం ఉంది. నేను బయటికి పంపింది తొమ్మిదొందల ఇరవై తొమ్మిది. అంతకు మించి ఈ గదిలో ఉంటే ఎక్కడున్నాయో మీరే చూపించండి."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఇంత తొందరగా తీర్పు చెప్పిన మేనేజరు మీద. కారణం వెతకకుండా లోటును ఒక మనిషి నెత్తిన రుద్దడం లెక్కల పని కాదు. ఆ మాటే గట్టిగా అన్నాను. పాసులన్నీ ఒక్కొక్కటిగా కూడి చూశాను. తొమ్మిది వందల ఇరవై తొమ్మిదే. ఒక్క పాసు నంబరూ తప్పిపోలేదు. బయటికి పోయిన లెక్కలో తప్పు లేదు కనుక, లోపలికి వచ్చిన లెక్కలో ఉండాలి.

మర్నాడు పొద్దున హమాలీల మేస్త్రీని పిలిపించాను. సింగరాయకొండ వైపు మనిషి. మిర్చి ఘాటుకు గొంతు బొంగురుపోయినా మాట మాత్రం గది దద్దరిల్లేట్టు ఉండేది. లెక్క ముగిశాక రాత్రి వచ్చిన సరుకును, నిరుడు మూడో గదిలో పేర్చినట్టే, రెండో గదిలో ఒక నిట్టుగా పేర్చి ఉంచారు. దాని ముందు నిలబెట్టి అడిగాను.

"ఇందులో ఎన్నున్నాయి?"

"నాలుగొందల అరవై ఆరు పెద్దయ్యా."

నేను పెన్సిలుతో గుణించాను. పొడవు పది, వెడల్పు ఆరు, ఎత్తు ఎనిమిది. "నాలుగు వందల ఎనభై కదయ్యా!"

అతను పకపకా నవ్వాడు. "బయట నిలబడి గుణిస్తే ఎట్టా పెద్దయ్యా? లోపల గాలి గుంటలొదిలాం గదా! ఒరేయ్, పైకెక్కి ఆ నడిమి టిక్కీ లాగు, పెద్దయ్యకి చూపిద్దాం."

పై వరుసలో ఒక టిక్కీని పక్కకు లాగారు. కింద నేల దాకా చీకటి గొయ్యి, ఒక టిక్కీ పట్టేంత వెడల్పు. చలిగాలి నడిమిదాకా పోవడానికి పెద్ద నిట్టుకు అలాంటివి రెండు వదిలి, పై వరుసతో కప్పేస్తారట. ఏడు వరుసల్లో రెండేసి, అంటే నిట్టుకు పద్నాలుగు.

"నిరుడు మూడో గదిలో ఇట్టాంటివి రెండు నిట్లు పేర్చామయ్యా" అన్నాడు.

రెండు నిట్లకు ఇరవై ఎనిమిది. నా చెవుల్లో ఆ అంకె మోగింది. నేరుగా ఇంటికి వచ్చి నిరుటి నోటు పుస్తకం తీశాను. నా రాతే. "మూడో గది. పుస్తకంలో 932. లెక్కలో 960. ఎక్కువ 28. సర్దుబాటు చేసి పుస్తకంలో కలిపాను." దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం. "స్టోర్ కీపర్ అభ్యంతరం చెప్పింది, తన లెక్క 932 సరైనదని. పరిగణించలేదు."

లోటు వస్తే అందరం ఉలిక్కిపడతాం. ఎక్కువ వస్తే మాత్రం ఎక్కడిదని ఎవరం అడగం. ఆ రోజు లెక్కపెట్టింది నేనే, సర్దుబాటు రాసింది నేనే, ఆమోదం కోసం ఎవరి దగ్గరికీ తీసుకెళ్లనిదీ నేనే. నిన్న మేనేజరు మీద చూపిన కోపానికి అర్హుణ్ణి నేనేనని అప్పుడు తెలిసింది.

ఆ పుస్తకం పట్టుకుని సంస్థ డైరెక్టరు దగ్గరికి వెళ్లాను. మేనేజరునూ ఆవిడనూ పిలిపించమన్నాను. వాళ్ల ముందే ఆ వాక్యం చదివాను. మేనేజరు కిటికీ వైపు చూశాడు. ఆవిడ మాత్రం, "ఆ రోజు మీరు రాసుకుంటారని నేననుకోలేదు సార్" అంది, అంతే. అంతకన్నా ఎక్కువ అనే హక్కు ఆవిడకుంది. అనలేదు.

సర్దుబాటు పత్రం రెండు భాగాలుగా తయారు చేశాను. ఇరవై ఎనిమిది టిక్కీలు పోయిన సరుకు కాదు, నిరుడు తప్పుగా కలిపినది. దాన్ని నిరుటి పొరపాటు దిద్దుబాటుగా చూపి, ఆడిటరుకు విడిగా ఉత్తరం రాశాను. మిగిలిన మూడే అసలు లోటు. వాటిని నష్టంగా రాసేయడానికి డైరెక్టరు ఆమోదం కావాలి. ఈసారి ఆయన సంతకం పడేదాకా పుస్తకంలో గీత కూడా గీయలేదు. పుస్తకంలో ఎక్కించే పని వేరే గుమాస్తాకు అప్పగించాను.

డైరెక్టరు పెన్ను తీసి, "మూడింటికి కారణం ఎలుకలని రాసేయండి, సరిపోతుంది" అన్నాడు. ఆవిడకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆవిడ ఒప్పుకోలేదు. "ఎలుకలొద్దండీ. ఎలుక తింటే గోతామన్నా మిగిలుండాలి గదా? రేపు ఎవరైనా ఆ గోతాలేవని అడిగితే నేనేం చూపించాలి? తెలియలేదని రాయండి సార్. నాకు నిజంగా తెలియదు."

డైరెక్టరు నా వైపు చూశాడు. నేను పత్రం ముందుకు లాక్కుని, కారణం అన్న గడిలో "విచారించాం, తెలియలేదు" అని రాశాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ గడిలో ఆ మాట రాయడం అదే మొదటిసారి. అంతకు ముందు ఎన్ని ఎలుకల్ని రాశానో నా పుస్తకాలే చెబుతాయి. డైరెక్టరు సంతకం చేశాడు. ఆవిడ జీతంలో ఒక్క రూపాయి పట్టలేదు. ఉద్యోగం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఇంకో రెండేళ్లు లెక్కకు వెళ్లాను. ప్రతి నిట్టుకూ మేస్త్రీ చేత గాలి గుంటలు చూపించుకుని, బొమ్మ గీసుకునేవాణ్ణి. పుస్తకానికీ లెక్కకూ తేడా వస్తే, ఎక్కువైనా తక్కువైనా, ముందు ఆవిడ మాట విని రాసుకునేవాణ్ణి. చివరి ఏడాది, పని ముగిశాక ఆవిడ నా నోటు పుస్తకం ఒకసారి ఇమ్మని అడిగింది. తన పేరున్న పేజీ నిదానంగా చదువుకుని, వేలితో ఒక అంకె చూపించింది.

"ఇక్కడ నలభై రెండని రాశారు సార్. నేను చెప్పింది నలభై మూడు."

దిద్ది, పక్కన సంతకం చేశాను.