తవిటమ్మ పెట్టిన చుక్క

బొబ్బిలి దగ్గర ఒక ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలో నేను పంతొమ్మిదేళ్ళు స్టోర్స్ గుమస్తాగా పనిచేశాను. అన్నేళ్ళలో మేనేజర్ మొహం మీద "కుదరదు" అన్న మనిషిని ఒక్కర్తినే చూశాను. ఆమె తవిటమ్మ, మా నీళ్ళ ల్యాబులో కెమిస్టు. నేను మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత మీరు అడగక్కర్లేకుండా.

తెర్లాం వైపు రైతు కుటుంబం వాళ్ళది. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కలేదని, మూడోదాన్ని తవుడిచ్చి కొన్నట్టు చేసి ఆ పేరు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన కుర్ర ఇంజనీర్లు ఆ పేరు విని మూతి బిగపట్టుకుని నవ్వేవారు. ఆమె పట్టించుకునేది కాదు. "నేను తవుడికే దొరికీసినాను గానీ నా సంతకం అలాగ దొరకదు బాబూ" అనేది. అనేసి మళ్ళీ గాజు గొట్టాలు కడుక్కునేది. బీయస్సీ చదివి, ఇరవై రెండేళ్ళకి ఆ ల్యాబులో చేరింది. పెళ్ళాడింది, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది, భర్త పోయిన పదకొండో రోజు దాటగానే డ్యూటీకి వచ్చింది. నీళ్ళ దగ్గర మాత్రం ఎవరి మొహమూ చూసేది కాదు.

ఆ నీళ్ళ గురించి కాస్త చెప్పాలి. ఫర్నేస్‌లో లోహం కరిగి మరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ ఇనప గొట్టాల్లో చల్లనీళ్ళు తిరుగుతూ ఉంటాయి. ఆ గొట్టం ఎక్కడైనా చిల్లుపడి నీళ్ళు కరిగిన లోహం కిందకి చేరితే ఫర్నేస్ పేలుతుంది. ట్యాపింగ్ ఫ్లోర్ మీద, అంటే కరిగిన లోహాన్ని బయటికి వదిలే చోట, ఎప్పుడూ ఆరుగురు మనుషులుంటారు. వాళ్ళ ముఠాకి పెద్ద దాలయ్య, తవిటమ్మకి చిన్నాన్న కొడుకు, ఆమెని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాడు. అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. షట్‌డౌన్ తర్వాత ఫర్నేస్ మళ్ళీ వెలిగించాలంటే నీళ్ళ చీటీ మీద కెమిస్టు సంతకం పడాలి. ఆ చీటీ చేతికి రాకపోతే ఎలక్ట్రీషియన్ స్విచ్ ముట్టుకోడు.

ల్యాబు గోడకి ఆమె ఒక పటం అంటించింది. గ్రాఫు కాగితం మీద తనే గీసి ప్లాస్టిక్ తొడుగు వేయించింది. అడ్డంగా నీళ్ళ పీహెచ్, నిలువుగా ఇనుము ఓల్టేజి. ఇనుము నీళ్ళలో ఏ స్థితిలో ఉంటుందో చెప్పే పటం అది. చదువుకున్నవాళ్ళు కరోజన్, పాసివేషన్, ఇమ్యూనిటీ అంటారు. దాలయ్యలాంటి వాళ్ళు అడిగితే ఆమె తన మాటల్లో చెప్పేది. ఎడమవైపు మధ్యలో పెద్ద జాగా తినేచోటు. అక్కడ ఇనుము కరిగి నీళ్ళలో కలుస్తుంది. పీహెచ్ తొమ్మిది దాటాక, కుడివైపు పొరకట్టేచోటు. అక్కడ ఇనుము మీద సన్నటి ఆక్సైడు పొర ఏర్పడి కాపాడుతుంది. అట్టడుగున ఉన్నది అంటని చోటు. అక్కడ ఇనుము ఇనుముగానే ఉంటుంది, నీళ్ళు దాన్నేమీ చెయ్యలేవు. మా నీళ్ళలో కాస్టిక్ సోడా కలిపి, పీహెచ్ తొమ్మిదిన్నర దాటించి, ఆమె గొట్టాల్ని ఎప్పుడూ పొరకట్టేచోటే ఉంచేది.

రెండేళ్ళ కిందట ఆమె తల్లికి కంటి ఆపరేషన్ అయితే నెల్లాళ్ళు సెలవు పెట్టింది. ఆ నెలలోనే ప్రమోద్ అని ఒక సలహాదారు వచ్చాడు. మంచి చొక్కా, మంచి మాట. నీళ్ళలో ఆక్సిజన్ ఎలాగూ తీసేస్తున్నాం, ఇనుము ఓల్టేజి మైనస్ పాయింట్ ఆరు అయిదు వచ్చింది, పటంలో చూస్తే ఇది అంటని చోటే, కాస్టిక్ అక్కర్లేదని రిపోర్టు రాసిచ్చాడు. మా మేనేజర్ మురళీమోహన్ గారు మురిసిపోయి కాస్టిక్ ఆపించేశారు. తవిటమ్మ తిరిగొచ్చేసరికి పీహెచ్ ఏడుకి దిగిపోయింది. ఆమె అభ్యంతరం రాసి ఇచ్చింది. జవాబు లేదు. ఇంకోటి రాసింది. అదీ అంతే. మూడు నెలలు రోజూ నీళ్ళ రిజిస్టర్లో ఒకే మాట రాసుకుంటూ వచ్చింది, తినేచోటు అని. ఆ రిజిస్టరు నేనూ చూశాను, చూసి పేజీ తిప్పేశాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం రావడానికి అదొక కారణం.

మూడు నెలలకి షట్‌డౌన్ వచ్చింది. రెండు రోజుల మరమ్మతు అయ్యాక పొద్దున్న తొమ్మిదింటికి ఫర్నేస్ వెలిగించాలి. ఎనిమిదిన్నరకి చీటీ ల్యాబుకి వెళ్ళింది. సంతకం లేకుండా వెనక్కి వచ్చింది. మురళీమోహన్ గారు స్వయంగా వెళ్ళారు, ఆయన వెనకాల ప్రమోద్, గొట్టాల అతుకుల్లో వేసే కొత్త గాస్కెట్ల లెక్క అడుగుతారని పిలిస్తే ఆ వెనకాల నేను.

ఆమె బల్ల మీద సీసాడు నీళ్ళు, పక్కన ఒక చిన్న ఇనప పలక ఉన్నాయి. ఆ పలక మూడు నెలలుగా గొట్టంలో వేలాడదీసినది. పెట్టినప్పటి బరువు, తీసి శుభ్రం చేశాక బరువు, రెండూ కాగితం మీద రాసి ఉన్నాయి. బరువు తగ్గింది. మురళీమోహన్ గారు ఆ కాగితం వైపు చూడను కూడా లేదు. సంతకం పెట్టమన్నారు. ఆమె పెట్టనంది. ఇంత పెద్ద సలహాదారు ఇమ్యూనిటీ అని రాసిచ్చాక నువ్వెవరని ఆయన అడిగారు. ఆమె ప్రమోద్ చేతికి పెన్సిల్ ఇచ్చి, గోడ మీద పటంలో చుక్క పెట్టమంది.

ప్రమోద్ నవ్వుతూనే పెట్టాడు. పీహెచ్ ఏడు, ఓల్టేజి మైనస్ పాయింట్ ఆరు అయిదు. చుక్క గీతకి కిందన, అంటని చోట పడింది.

"బాబూ, ఆ అంకె ఏ ఎలక్ట్రోడుతో తీసినావు?" అంది తవిటమ్మ.

"సిల్వర్ క్లోరైడ్" అన్నాడు.

"ఈ పటం దేంతో గీసినారు?"

అతను పటం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత ఆమే చెప్పింది. ఓల్టేజి అనేది ఎప్పుడూ ఇంకోదాంతో పోల్చి చెప్పే అంకె. పటం హైడ్రోజన్ ఎలక్ట్రోడుని సున్నా అనుకుని గీసింది. మీటరుకి తగిలించింది వెండి ఎలక్ట్రోడు. అరుగు మీంచి కొలిచినదానికీ నేల మీంచి కొలిచినదానికీ అరుగెత్తు తేడా ఉన్నట్టు, ఈ రెండిటికీ పాయింట్ రెండు ఓల్టులు తేడా. మీటరు అంకెకి అది కలిపాకే పటంలో చుక్క పెట్టాలి. కలిపితే మైనస్ పాయింట్ నాలుగు అయిదు. తవిటమ్మ పెన్సిల్ తీసుకుని తన చుక్క పెట్టింది. అది సరిగ్గా తినేచోటు నడుమన పడింది.

"ఇంకో మాట కూడా సూడు" అంది. "ఎవులూ కరెంటు ఇవ్వకుండా ఇనుము నీళ్ళలో తనంతట తాను ఆ అడుక్కి దిగి కూకుంటాదేటి? ఆ అంకె సూసినప్పుడే నీకు డౌటు రావాల."

మురళీమోహన్ గారికి ఓపిక అయిపోయింది. పాయింట్ రెండు కోసం ఫర్నేస్ ఆపేస్తావా, మూడు నెలల్లో నీళ్ళు గొట్టాన్ని ఎంత తినేస్తాయి అన్నారు. ఆమె తడుముకోకుండా చెప్పింది, ఎంత తొందరగా తింటాదో పటం చెప్పదు, తింటాదని మాత్రం చెప్తాది, అందుకే పలక వేలాడదీశానని. ఇంతలో బల్ల మీద సీసాలో నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతున్నాయి. పట్టినప్పుడు తేటగా ఉన్నవే. గాలి తగిలేకొద్దీ అందులో కరిగిన ఇనుము ఎర్ర మడ్డిగా బయటపడుతోంది. నేను చూశాను. ప్రమోద్ చూశాడు. మురళీమోహన్ గారు గడియారం చూసుకున్నారు.

సంతకం పెడతావా, లేక రేపట్నించి గేటు బయట కూర్చుంటావా అని ఆయన అడిగారు. అప్పుడామె చీటీ తిప్పి వెనకాల రాసింది: ట్యాపింగ్ వైపు వంపు గొట్టం విప్పండి, లోపల ఏమీ లేకపోతే రేపట్నించి నేను రాను. కింద సంతకం పెట్టింది. ఆ రోజు ఆమె పెట్టిన సంతకం అదొక్కటే. చిన్న కూతురికి ఇంకా రెండేళ్ళ చదువు మిగిలి ఉంది. నాకది తెలుసు. ఆమెతో వద్దమ్మా అని ఒక్క మాట అనొచ్చు కదా, విప్పిద్దాం సార్ అని ఇంకో మాట అనొచ్చు కదా. రెండూ అనలేదు, గాస్కెట్ల పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

విప్పించమన్నది ప్రమోద్. చిన్న గొంతుతోనే అన్నాడు, కానీ అన్నాడు. దాలయ్యా, ఇంకో ఇద్దరూ కలిసి మధ్యాహ్నానికి వంపు గొట్టం దించారు. లోపల వరసగా తుప్పు బుడిపెలు. అందులో ఒకదాన్ని దాలయ్య స్క్రూడ్రైవర్‌తో గీకాడు. స్క్రూడ్రైవర్ మొన అవతలికి వచ్చేసింది. అవతల వైపు అంటే ఫర్నేస్ వైపు. అతను దాన్ని బయటికి లాగలేదు. అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"అప్పా" అన్నాడు తవిటమ్మతో, "మేం ఆరుగురం ఇక్కడే గదా నిలబడతాం."

తవిటమ్మ అతని చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది.

గొట్టాలు మార్చడానికి పనులు మొదలయ్యాయి, కాస్టిక్ డబ్బాలు నా స్టోర్స్ నుంచే వెళ్ళాయి. సాయంత్రం మురళీమోహన్ గారు ల్యాబుకి కొత్త కాగితం పట్టుకొచ్చారు. మామూలు మరమ్మతులో భాగంగా గొట్టాలు మార్చామనీ, నీళ్ళు మొదట్నించీ బాగానే ఉన్నాయనీ అందులో రాసి ఉంది. నువ్వు అన్నది నిజమైంది, ఇంకేం కావాలి, దీని మీద సంతకం పెట్టి ఇంటికెళ్ళు అన్నారు. ఆ మాట మెత్తగానే అన్నారు. అంత మెత్తదనం ఆయన దగ్గర నేను ఎప్పుడూ వినలేదు.

ఆమె కాగితం పూర్తిగా చదివింది. మడిచి ఆయన చేతిలోనే పెట్టేసింది. తర్వాత మూలన కుర్చీలో కూర్చున్న ప్రమోద్ వైపు తిరిగింది.

"బాబూ, ఇదే రిపోర్టు ఇంకెన్ని ఫ్యాక్టరీలకి ఇచ్చినావు?"

అతను తల దించుకుని రెండన్నాడు. రెండింటిలోనూ కాస్టిక్ ఆపేశారన్నాడు.

మురళీమోహన్ గారు అడ్డుపడ్డారు. అది మన పని కాదన్నారు. బయటికి పొక్కితే మన పేరు కూడా పోతుంది, ఆలోచించుకోమన్నారు. ఆ క్షణంలో నాలో ఏం కదిలిందో తెలీదు, పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆయన మాట్లాడుతుండగా వెళ్ళి ఫోను తెచ్చి ప్రమోద్ ముందు పెట్టాను. నోటితో అనే ధైర్యం అప్పటికీ రాలేదు.

"అక్కడా ట్యాపింగ్ కాడ మనుషులుంటారు సార్" అంది తవిటమ్మ. "ఆళ్ళకి ఈ కబురు ఎవులు సెప్తారు?"

ప్రమోద్ నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు. ఎలక్ట్రోడు తేడా నేను కలపలేదు, తప్పు నాదే, మీ నీళ్ళు గొట్టాల్ని తినేస్తున్నాయి, ఫర్నేస్ ఆపండి అని చెప్పాడు. అవతలి మనిషి నమ్మలేదు. మళ్ళీ చెప్పాడు, ఈసారి అంకెలతో సహా. చివరికి ఆపుతామన్నారు. అతను ఫోను బల్ల మీద పెట్టి మొహం తుడుచుకున్నాడు.

తవిటమ్మ ఆ ఫోను తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

"రెండోదానికి కూడా సెయ్యి" అంది.