చిల్లు పడిన కార్డు, అందని సంచీ

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాసిపెడుతోంది. అందుకని మాటలు కాస్త మర్యాదగా ఉంటే అది ఆవిడ పుణ్యం.

మేము కలకత్తాకి వలసొచ్చిన తెలుగువాళ్లం, మాది అక్కడ వీధులు ఊడ్చే పని. మా ఆయన పోయాక ఆయన చీపురు నా చేతికిచ్చారు. అప్పట్లో ఎర్రజెండా పార్టీల ప్రభుత్వం. ఊరేగింపు లేని నెల ఉండేది కాదు. మా యూనియన్‌కి రెండు రోజుల మహాసభ పెట్టారు ఒకసారి. ఊరంతా ఉన్న ఊడ్చేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు, చెత్తబండివాళ్లు కొందరిని ప్రతినిధులుగా పంపారు. ప్రతినిధికి మెడలో వేసుకునే కార్డు, చేతికో గుడ్డసంచీ. సంచీలో పుస్తకం, పెన్ను, ఒక స్టీలు టిఫిన్ డబ్బా. ఆ డబ్బా గురించే అందరూ మాట్లాడుకునేవారు. పుస్తకం సంగతి ఎవరికి కావాలి?

నన్ను సంచీల బల్ల దగ్గర పెట్టారు. ఎందుకంటే నేను ఏ సర్దార్ పక్షమూ పట్టను, వాళ్లకీ వీళ్లకీ సాయం చేస్తానన్న అనుమానం లేదు. అక్షరాలు రాకపోయినా కార్డుకి చిల్లు పెట్టడానికి అక్షరాలెందుకు? కార్డు ఒక మూల సంచీ బొమ్మ, ఇంకో మూల అన్నం పళ్లెం బొమ్మ. సంచీ ఇవ్వగానే సంచీ బొమ్మ మీద నేను చిల్లు కొట్టాలి. నా పక్కన ఆఫీసు అమ్మాయి కార్డు మీద నంబరు చూసి తన జాబితాలో టిక్కు పెట్టాలి. చిల్లు పడిన కార్డు మళ్లీ వస్తే ఇవ్వకూడదు. ఎవరి కార్డు వాళ్లు తెచ్చి, ఎవరి సంచీ వాళ్లు పట్టుకుపోవాలి. ఇంతే. పిల్లలకైనా అర్థమయ్యే లెక్క.

కానీ మా వాళ్లకి ఏదీ సొంతంగా అడిగి తీసుకునే అలవాటు లేదు. జీతం, చీపురు, బూట్లు, వానాకాలం రబ్బరు కోటు, ఏదొచ్చినా సర్దార్ చేతుల మీదుగానే వస్తుంది. సర్దార్ అంటే మా గుంపుకి పెద్ద. పొద్దున్నే హాజరు పిలిచేవాడు. వాట్‌గంజ్ వైపు గుంపు సర్దార్ తన మనుషుల కార్డులన్నీ దొంతరగా పట్టుకుని వచ్చి బల్ల మీద పడేశాడు.

"అందరివీ నానే అట్టుకెల్తాను. బస్సు కాడ పంచేత్తాను. చిల్లులెట్టేయ్, తల్లీ."

"నువ్వు అట్టుకెల్తే ఎవులికందిందో నాకేటి తెలుస్తాది? ఎవులి కార్డు ఆలే తేవాల," అన్నాను.

"ఏటే, నన్ను నమ్మవేటి? పాతికేల్లయి పంచుతున్నాను. నీ పెనిమిటికి బూట్లిచ్చింది ఎవులు?"

మా ఆయన బూట్ల మాటెత్తితే నాకు ఒళ్లు మండింది. అయినా పట్టుబట్టాను. అప్పుడు యూనియన్ ఆఫీసు బాబు వచ్చాడు. వరస పొడుగవుతోందని ఆయనకి తొందర. "ఇచ్చెయ్ దీదీ, అతను మన మనిషే కదా," అన్నాడు బంగ్లా భాషలో. ఇచ్చాను. ఒక్కో కార్డుకి ఒక్కో సంచీ తీసి, గట్టిగా లెక్కపెడుతూ చిల్లు కొట్టాను, అమ్మాయి టిక్కు పెట్టింది. సర్దార్ సంచీలన్నీ గోనెలో వేసుకుని పోయాడు. అక్కడిదాకా తప్పు లేదు. తప్పు బస్సు దగ్గర పుట్టింది, వచ్చి నా నెత్తిన పడింది.

కాసేపటికి అదే వాట్‌గంజ్ గుంపులోని అప్ప వచ్చింది. అప్ప అంటే మా మాటలో అక్క, అయినా నా తోబుట్టువు కాదు. మా ఆయన పోయినప్పుడు నాకు చీపురు పట్టుకోవడం నేర్పిన పెద్దావిడ. ఆ ఏడాదే రిటైరు కావాలి. ఎన్నడూ ఏ సభకీ పంపలేదు, ఈసారి పంపారు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మెడలో కార్డు ఉంది, చేతిలో సంచీ లేదు.

"ఒలే, నాకు సంచీ రాలేదే. గోనిలో అయిపోనాయంట. సర్దారు ఇక్కడికెల్లమన్నాడు."

కార్డు చూశాను. సంచీ బొమ్మ మీద చిల్లు. నేను కొట్టిందే.

బాబుని పిలిచాను. ఆయన కార్డు వేలితో పైకెత్తి చిల్లు చూసి, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా నవ్వాడు. "ఆర్ ఏక్‌టా? మాషీ, దుటో నేబే నాకి?" ఇంకోటా, రెండు పట్టుకెళ్తావా పిన్నీ అని. వెనకనుంచి ఎవడో, "రెండు డబ్బాలెందుకే ముసిలీ, ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పులుసా?" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్ప నవ్వలేదు. "నాను రెండడగలేదు బాబూ. ఒకటే రాలేదు," అని తెలుగులోనే అంది. ఆయనకి అర్థం కాలేదు. నేను బంగ్లాలో చెప్పాను. ఆయన తల ఊపి, "కార్డు చెబుతోంది వచ్చిందని," అన్నాడు.

అప్ప ముప్పై ఏళ్లు రోడ్డు ఊడ్చింది. ఊడుస్తుంటే దొరికిన ఉంగరాలూ పర్సులూ తీసుకెళ్లి పోలీసు చౌకీలో ఇచ్చిన మనిషి. ఆ మనిషిని వరసలో నిలబెట్టి రెండు సంచీలకి ఆశపడిందన్నారు. సంచీ రాకపోతే పోనీ; ఈ మాట పోదు. సాయంత్రానికి మా క్వార్టర్లంతా చెప్పుకుంటారు.

నేను ఊరుకోలేదు. మిగిలిన సంచీలు లెక్కపెడదామన్నాను. లెక్కపెట్టాం. బల్ల దగ్గరికి వచ్చిన సంచీల్లోంచి మిగిలినవి తీసేస్తే, అమ్మాయి టిక్కులతో సరిగ్గా సరిపోయింది. బాబు చేతులు దులుపుకున్నాడు. "చూశావా, లెక్క సరిపోయింది. తప్పు మనది కాదు."

"లెక్క సరిపోతే సరా బాబూ? మనిషికి అందాలి కదా! ఒకడి దగ్గర రెండుంటే, ఇంకోళ్లకి లేకపోతే, మీ లెక్క అలాగే సరిపోతుంది," అన్నాను. నా గొంతు పెద్దది, పుట్టుకతోనే. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించమన్నాడు.

అతిథుల కోసం విడిగా కట్టిపెట్టిన సంచీలు లోపల గదిలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఇమ్మన్నాను. "ఒకరికిస్తే అందరూ చిల్లు కార్డు పట్టుకుని వచ్చి సంచీ అందలేదంటారు. అప్పుడేం చేస్తావు?" అన్నాడు. అదీ నిజమే, ఆయన మాట తప్పని నేను అనను. కానీ ఆ నిజం పట్టుకుని అప్ప ఎక్కడికి వెళ్లాలి?

సర్దార్ దగ్గరికి వెళ్లాను. బస్సు మెట్టు మీద కూచుని బీడీ కాలుస్తున్నాడు.

"ఎవులికెవులికి ఇచ్చినావు?"

"అందరికీ ఇచ్చినాను."

"అందరికీ ఇత్తే అప్పకేది?"

"కార్డులు ముందే పంచీసినాను. సంచీలు మొకాలు చూసి ఇచ్చినాను. ఎవడో నాదీ మా ఆడదానిదీ అన్నాడు, రెండిచ్చినాను. మొగుడూ పెళ్లాలు చానామంది. ఎవడో నాకేటి గుర్తు?"

అక్కడ తెలిసింది నాకు. మొగుడు ఇద్దరివీ పట్టుకెళ్లాడు. పెళ్లాం ఆ సంగతి తెలియక తనది తను తెచ్చుకుంది. ఏ మొగుడు, ఏ పెళ్లాం? బాబుని బతిమాలి మైకులో చెప్పించాను: రెండు సంచీలు వచ్చినవాళ్లు దయచేసి తిరిగివ్వండి, అని. హాలంతా నవ్వింది. కొందరు చప్పట్లు కొట్టారు. ఒక్కడు కూడా లేవలేదు. అప్ప వెనక బెంచీ మీద కూచుని ఉపన్యాసాలు విన్నది. అందరి ఒళ్లో సంచీలు. ఆవిడ ఒళ్లో చేతులు.

మర్నాడు పొద్దున్న నేను బల్ల సర్దుతుంటే వాట్‌గంజ్ వైపు నుంచి ఒక ఆడమనిషి, వెనక ఆమె మొగుడు, వచ్చారు. ఆమె చేతిలో సంచీ, నోటి నిండా తిట్లు.

"ఇంటికెల్లి చూత్తే మూడున్నాయి! నువ్వూ నానూ ఎంతమందిమిరా అంటే, ఉండనీయే, మా బావకి పనికొత్తాదంటాడు. మైకులో అడిగినప్పుడు సెవులు ఎక్కడెట్టినావు? మీ బావ ఎప్పుడు చీపురట్టినాడు?"

మొగుడు, "మైకులో అడిగినప్పుడు లేచి నిలబడితే సిగ్గు కదేటి," అని గొణిగాడు.

"ముసిలామెకి సిగ్గు లేదనుకున్నావా?"

ఆ ఆడమనిషి నోటికి నేను దణ్ణం పెట్టాను. సంచీ తీసుకుని అప్పని పిలిచాను. అప్ప వచ్చింది. సంచీ ముట్టుకోలేదు.

"నిన్న అందరి ముందరా అన్నారు కదే. ఇయాల చాటున ఇత్తే నాకక్కర్లేదు. ఆ బాబు చేత మైకులో సెప్పించు, ఈమె రెండు తీసుకోలేదని."

బాబుకి చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు. పెద్ద నాయకుడొకాయన దారిలో ఉన్నాడట, ఇప్పుడు మైకులో సంచీల గొడవ వద్దన్నాడు. సంచీ దొరికింది కదా, ఇంకేం కావాలన్నాడు. అప్ప కదల్లేదు. నా బల్ల ముందే నిలబడింది, నిన్న రాక ఇయాల సంచీల కోసం వచ్చినవాళ్ల వరస వెనక ఆగిపోయింది. వరసలోవాళ్లు అరవడం మొదలెట్టారు.

చివరికి అప్పే అంది. "అయితే ఈళ్లందరూ సూత్తుండగా సంచీ నా చేతికియ్యి. ఇచ్చినాక చిల్లెట్టు. నిన్నటిది సర్దారు చేతికిచ్చినందుకు ఎట్టిన చిల్లు. ఇది నాది."

బాబు, "కొట్టెయ్, కొట్టెయ్, వరస కదలనీ," అన్నాడు. సంచీ ఆవిడ చేతికిచ్చాను. వరస వైపు తిరిగి, "చూడండి, ఇప్పుడే అందింది ఈవిడకి, నిన్న అందలేదు!" అని బంగ్లాలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరిచాను. సంచీ బొమ్మ మీద పాత చిల్లు పక్కన కొత్త చిల్లు కొట్టాను. అప్ప కార్డు చీర మీద సరిగ్గా వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, మొదటి వరసలో వెళ్లి కూచుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది.

సాయంత్రం సభ అయ్యాక గేటు దగ్గర కొత్త కాపలా పెట్టారు. నిన్నటి గొడవ విని ఎవరో పెద్దాయన చేసిన ఏర్పాటు: బయటికెళ్లేవాళ్ల కార్డు చూడాలి, చేతిలో సంచీ చూడాలి, సంచీ బొమ్మ మీద ఎన్ని చిల్లులో అన్నే సంచీలు. ఎర్ర రిబ్బను కట్టుకున్న మనిషి అప్ప కార్డు తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు.

"రెండు చిల్లులున్నాయి. రెండో సంచీ ఎవరికిచ్చావు, మాషీ?"

అప్ప నా వైపు తిరిగింది. ఆవిడ కోపంగా చూసినా బాగుండేది. "సెప్పవే," అంది, అంతే.

చెప్పాను. సర్దార్ దగ్గర మొదలెట్టి, గోనె, మొగుడూ పెళ్లాం, మైకు, అన్నీ. వాడు వింటూ మిగతా కార్డులు చూస్తున్నాడు. సగం విన్నాక, సరే సరే పొమ్మన్నాడు. అప్ప పోలేదు. మొత్తం వినేదాకా పోనంది. నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. మా వెనక వరస పెరుగుతూనే ఉంది, వాట్‌గంజ్ బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.