బ్రాకెట్లు లేని ప్రశ్న

ఈశ్వరిది సముద్రం ఒడ్డున ఉన్న యారాడ. తండ్రి ఎల్లారావు ఇప్పటికీ చేపల వేటకు వెళ్తాడు. ఆమె మాత్రం సిటీలో సీతమ్మధార దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో సి లాంగ్వేజ్ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. చదువుకునే రోజుల్లో, విలువ ఉన్న చోటును చూపించే పాయింటర్లు అంతుబట్టక ఏడ్చిన మనిషి కావడంతో, ఎవరు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేది.

ఈసారి ఇంటర్నల్ పరీక్షకు పేపరు ఆమే తయారుచేసింది. అలా చేయడం అదే మొదటిసారి. మార్కులు చెప్పిన రోజు మధ్యాహ్నం ధనశ్రీ అనే విద్యార్థిని స్టాఫ్ రూముకొచ్చింది. ఆ పిల్ల ఒక్క మార్కుతో తప్పింది.

"మేడమ్, ఈ ప్రశ్నకి నాను 10 20 పెట్టాను. అది తప్పేటి?"

అరేలో, అంటే వరస గడుల్లో, 10, 20, 30 ఉన్నాయి. p అనే పాయింటరు మొదటి గడిని చూపిస్తోంది; *p అంటే ఆ గడిలోని విలువ, ++ అంటే ఒకటి పెంచడం. ముందు *p++, తర్వాత *p ప్రింట్ చేస్తే ఏమొస్తుందన్నది ప్రశ్న. ఈశ్వరి రాసుకున్న జవాబు 10 11.

మొదట 10 పడుతుందని, ఆ గడిలోని విలువే ఒకటి పెరిగి రెండోసారి 11 అవుతుందని చెప్పబోయి, ప్రశ్నపత్రం చూసి ఆగిపోయింది. తను అడగాలనుకున్నది (*p)++. టైపు చేసేటప్పుడు బ్రాకెట్లు ఎగిరిపోయాయి. అవి లేకపోతే ++ మొత్తం *p కి కాకుండా p కే ముందు అంటుకుంటుంది. పాత గడిలోని 10 చేతికిచ్చి, p పక్క గడికి జరుగుతుంది. గడిలోని విలువ మారదు. రెండోసారి పడేది 20.

ల్యాబ్‌కు తీసుకెళ్లి ధనశ్రీ ముందే రెండు రకాలుగానూ నడిపి చూసింది. బ్రాకెట్లతో 10 11, అవి లేకుండా 10 20.

"నువ్వే రైటు. పొరపాటు నాది," అంది.

కాంట్రాక్టు పొడిగించే నెల అది. అయినా తిన్నగా హెడ్ శ్రీరామ్మూర్తి గదికి వెళ్లి జరిగింది చెప్పేసింది. ఆయన కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పేపరు నేనూ చూసే సంతకం పెట్టానమ్మా. నాకూ కనబడలేదు. అచ్చయిన ప్రశ్నకి ఏది సరైన జవాబో దానికే మార్కు వేసి మళ్లీ దిద్దండి. ఇకమీదట పేపరు ప్రింటుకి పంపేముందు ప్రోగ్రాములన్నీ ఒకసారి నడిపి చూడండి."

అంతే. కాంట్రాక్టు మాటే రాలేదు.

సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ దిద్దింది. 10 11 పెట్టినవాళ్లకు ఒక మార్కు తగ్గింది గానీ వాళ్లెవరూ తప్పలేదు. ధనశ్రీ గట్టెక్కింది. కబురు వినగానే ఆ పిల్ల అమ్మకు ఫోన్ చేసుకోవడానికి వరండాలోకి పరుగెత్తింది.

ఇంటికొచ్చిన కూతుర్ని ఎల్లారావు ఎగాదిగా చూశాడు.

"ఏటయ్యిందే, అలిసిపోయినట్టున్నావు గానీ నవ్వుతన్నావు?"

"ఏటీ లేదు నాన్నా. తప్పు జరిగింది, దిద్దీసాను."

పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కంచం పెట్టుకుని, చేపల పులుసుతో రెండోసారి కూడా అన్నం వడ్డించుకుంది.