కీలుకు ఇవతల

అతన్ని అందరూ మాస్టర్ అనేవారు. అన్న దుకాణంలో కోట్లు కత్తిరించేవాడు. అతని కత్తెర పై రింగుకు ఒక గుడ్డపేలిక చుట్టి ఉండేది, బొటనవేలి మందానికి సరిగ్గా సరిపోయేలా. ఇంకెవరి చేతికీ ఆ కత్తెర కుదిరేది కాదు. మరో మనిషిని పెట్టుకోమని వదిన పోరినప్పుడల్లా అన్న ఆ కత్తెర వైపు చూసి ఊరుకునేవాడు.

కుడి బొటనవేలి గోరు కింద నల్లటి చార వచ్చింది. కత్తెర నొక్కుడుకు కమిలిందనుకున్నాడు. గోరు చీలి రసి కారాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలింది. ఎముకలో ఎంతదాకా పాకిందో చూడాలి, స్కాన్ తీయించమన్నాడు సర్జన్. బొటనవేలిలో ఎముకలు రెండే. గోరు వైపుది మాత్రమే చెడితే మధ్య కీలు దగ్గర తీస్తారు. కీలు దాటితే వేలు మొదలంటా పోతుంది.

సగం వేలు మిగిలినా రింగులో పడుతుంది. ఇంట్లో భార్య ముందు వేలు సగానికి మడిచి, కత్తెర ఆడించి చూపించాడు. గుడ్డ తెగింది. ఆమె తల తిప్పుకుంది.

స్కాన్ గదిలో టెక్నీషియన్ మాటకారి. రిపోర్టులో ఏం రాస్తారని మాస్టర్ అడిగితే, చెయ్యి కదలకుండా పట్టీలు బిగిస్తూనే చెప్పాడు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ కుక్కను తలుచుకోమన్నాడు. వీపు వైపు డార్సల్, పొట్ట వైపు వెంట్రల్. చేతికైతే గోళ్ల వైపే డార్సల్. ప్రాక్సిమల్ అంటే దగ్గర, డిస్టల్ అంటే దూరం. దేనికి దగ్గరో అతను చెప్పలేదు. మాస్టర్ అడగలేదు.

రిపోర్టు అన్న తెచ్చాడు, దారిలో సర్జన్‌కు చూపించి. మాస్టర్ దాన్ని కత్తిరింపు బల్ల మీద పరిచి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. డార్సల్ దొరికింది. గోరు వైపు, నిజమే. చివరి వాక్యంలో ప్రాక్సిమల్ దొరికింది. గుడ్డ మీద అతను గీత గీసిన చోటి నుంచే కొలుస్తాడు. ఈ జబ్బు గీసిన గీత గోరు దగ్గరుంది. కనుక గోరుకు దగ్గర.

"దగ్గర్లోనే ఆగిందన్నమాట, అన్నా."

అన్న బల్ల మీది సుద్దముక్క తీసి డబ్బాలో వేశాడు.

"నువ్వే చదివావుగా."

ఆపరేషన్ వచ్చే వారమని, ఈలోగా హోటల్ వాళ్లు ఆర్డరిచ్చిన కోట్లు కానిచ్చేయమని చెప్పాడు.

ఆ వారం మాస్టర్ ఈల వేస్తూ పనిచేశాడు. దుకాణంలోనే ఉండే అన్నగారి అల్లుణ్ణి పక్కన నిలబెట్టుకుని, ఇన్నేళ్లూ ఎవరికీ చూపించని చంక వంపు చూపించాడు. కాలర్ ఎక్కడ వదలాలో చూపించాడు. తిరిగొచ్చాక తనది సగం వేలే కాబట్టి పనిలో సగం అల్లుడిదేనని నవ్వాడు. అల్లుడు నవ్వలేదు. అతనికీ తెలుసు.

ఆపరేషన్ రోజు సర్జన్ మార్కర్‌తో వేలు మొదట్లో గీత గీశాడు. మాస్టర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గీత తప్పు పడిందన్నాడు. ప్రాక్సిమల్ అని రాసి ఉంది కదా, దగ్గరే కదా అన్నాడు.

"దగ్గరే. మొండేనికి దగ్గర," అన్నాడు సర్జన్. "చెయ్యి భుజం దగ్గర మొదలవుతుంది, గోరు దగ్గర కాదు. కీలు దాటి ఇవతలి ఎముకలోకి వచ్చేసింది. మీ అన్నగారికి ఆరోజే చెప్పానే."

మాస్టర్ జన్మంతా చేతులు కొలిచింది భుజం నుంచే.

అన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అడిగితే దాచలేదు.

"చెప్పుంటే వారమంతా ఏడుస్తూ తిరిగేవాడివి. నవ్వుతూ తిరిగావు. వేలు ఎలాగూ పోయేదేగా."

"కోట్ల కోసం చెప్పలేదా?"

"కోట్లు అయిపోయాయిరా. ఇప్పుడవెందుకు?"

పుండు మానాక మాస్టర్ దుకాణానికి వెళ్లాడు. ఇంకెక్కడికి వెళ్లాలో తెలియలేదు. అన్న అతనికి టేపు ఇచ్చాడు. కోటు కోసం వచ్చిన మనిషి భుజం మీద ఎడమచేత్తో టేపు ఆనించి, మణికట్టు దాకా లాగి, కొలత పైకి చెప్పాడు. అల్లుడు సుద్దతో గీసుకున్నాడు. మాస్టర్ వాడిన కత్తెరే అందుకున్నాడు. పై రింగు అతని వేలికి వదులుగా లేదు. దానికి చుట్టిన పేలిక లేదు.

అది బల్ల కింద కత్తిరింపు ముక్కల్లో పడి ఉంది. ఇంకా గుండ్రంగానే చుట్టుకుని ఉంది, ఒక బొటనవేలు పట్టేంత. మాస్టర్ వంగి తీశాడు.

"అది చెత్త, చిన్నమామయ్యా," అన్నాడు అల్లుడు, గుడ్డ మీంచి కళ్లు ఎత్తకుండా. "నా వేలు లావు."